మోకాల్లో చేరింది నీరు కాదు

ఆయన్ని కుర్చీతో సహా మోసుకొచ్చారు. కొడుకు ఒకవైపు, అల్లుడు ఒకవైపు. అరవై రెండేళ్ల మనిషి, ముప్ఫై ఏళ్లు ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరయ్యాడు. ఎడమ మోకాలు చిన్న కొబ్బరిబోండాంలా ఉబ్బి ఉంది. గడప దగ్గర కుర్చీ కాస్త కుదిపినట్టయింది, అంతే, బయట వరుసలో కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పి చూసేంత గట్టిగా కేక పెట్టాడు.

నాలుగు రోజుల కిందట రాత్రి మొదలైందట. అంతకుముందు రెండుసార్లు కాలి బొటనవేలికి గౌట్ వచ్చి తగ్గింది కాబట్టి ఇదీ అదేననుకున్నాడు. మందుల షాపులో నొప్పి మాత్రలూ, వాటితోపాటు "వాపు లాగేసే" చిన్న తెల్ల మాత్రలూ ఇచ్చారు. ఆ తెల్లవి స్టెరాయిడ్. మర్నాడు ఊళ్లో ఆర్‌ఎంపీ రక్తపరీక్ష చేయించాడు. యూరిక్ యాసిడ్ 7.8 వచ్చింది. "చూశారా, అదే" అన్నాడు. ఎందుకైనా మంచిదని మూడో రోజు యాంటీబయాటిక్ మాత్రలు రెండు వేశాడు. సుగరు పదకొండేళ్ల నుంచి ఉంది. రెండు నెలల కిందటే గుండెకు స్టెంటు వేయించుకున్నాడు. ఇప్పుడు జ్వరం 99.4.

ఈ కథలో ప్రతి మెట్టూ మామూలుగానే కనిపిస్తుంది. గౌట్ ఉన్నవాడికి మోకాలు వాచింది, యూరిక్ యాసిడ్ ఎక్కువుంది, జ్వరం పెద్దగా లేదు. నిజానికి వీటిలో ఏ ఒక్కటీ కీలులో చీము లేదని చెప్పదు. యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్లు వీధికి పదిమంది ఉంటారు. గౌట్ ముదిరి ఏడుస్తున్న రోజున అది రక్తంలో మామూలుగానే ఉండటం కూడా చూస్తుంటాం. ఇక జ్వరం సంగతి. కీలులో చీము పట్టిన పెద్దవాళ్లలో సగానికి కాస్త పైన మందికే జ్వరం కనిపిస్తుందని 2007లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చిన సమీక్ష లెక్కతేల్చింది. పైగా ఈయన స్టెరాయిడ్ వేసుకుని ఉన్నాడు, అది జ్వరాన్నీ వాపునూ కప్పేస్తుంది.

మడమ కింద అరచెయ్యి పెట్టి కాలును రెండువేళ్ల ఎత్తు లేపాను. తొడ కండ మొత్తం బిగుసుకుపోయింది. మోకాలి చిప్ప మీద చర్మం కింద మాత్రమే చీము పడితే పైన ఎర్రగా ఉబ్బుతుందేగానీ, నెమ్మదిగా కాలు చాపితే మనిషి ఓర్చుకుంటాడు. ఇక్కడ వేలెడు దూరం కూడా కదలనివ్వడం లేదు. ఆ చెయ్యి తీస్తుంటే మడమ మీద లోతైన పగులు ఒకటి కనిపించింది, అంచులు ఎర్రగా ఉన్నాయి. సుగరున్న వాళ్ల పాదాల పగుళ్లు సూక్ష్మజీవులకు తెరిచిపెట్టిన పెరటి తలుపులు.

"మోకాల్లోంచి నీరు తీసి చూడాలి" అన్నాను.

కొడుకు ముఖం మారింది. "సార్, ఒకసారి నీరు తీయించుకుంటే మళ్లీ మళ్లీ పడుతూనే ఉంటుందంటగా?"

ఈ మాట వారానికి ఒకసారైనా వింటాను. సూది పెట్టడం వల్ల నీరు పట్టదు. నీరు పట్టించిన కారణం లోపలే ఉంటే మళ్లీ పడుతుంది, అంతే. అది గౌటో, అరుగుదలో, సూక్ష్మజీవో తెలియాలంటే ఆ నీరే చెప్పాలి. ఎక్స్‌రే చెప్పదు. మొదటి వారంలో ఎక్స్‌రే తీస్తే వాపు నీడ తప్ప ఏమీ కనిపించదు. ఎముక తినేసినట్టు ఎక్స్‌రేలో కనబడే రోజుకు మనం చేయగలిగినది చాలావరకు చేజారిపోయి ఉంటుంది.

పడుకోబెట్టి, మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, కాలు కాస్త వంచి ఉంచాం. చర్మానికి మందు పూసి ఆరనిచ్చాం. చాలామంది తొందరలో ఆరనివ్వరు. మందు తడిగా ఉండగానే సూది దించితే, చర్మం మీది సూక్ష్మజీవి నీటిలో కలిసి ల్యాబ్‌లో మొలుస్తుంది, ఇక ఆ రిపోర్టు పట్టుకుని వారం తికమకపడాలి. చిప్ప పైఅంచుకు, బయటి వైపుకు, వేలెడు ఎడంగా మత్తు సూది వేసి, ఆ దారిలోనే 18 గేజ్ లావు సూది పంపాం. మూడు సిరంజీలు నిండాయి, మొత్తం 55 మిల్లీలీటర్లు.

ఆరోగ్యంగా ఉన్న మోకాల్లో చెంచాడు కంటే తక్కువ నీరే ఉంటుంది. లేత గడ్డి రంగులో, పచ్చి కోడిగుడ్డు తెల్లసొనలా జిగటగా ఉంటుంది. సిరంజీ చివర చుక్కను వేలితో తాకి లాగితే తీగలా సాగుతుంది. గాజుగొట్టంలో పోసి వెనక దినపత్రిక పెడితే అక్షరాలు చదువుకోవచ్చు. ఈయన నీరు పసుపు కలిపిన పలచటి మజ్జిగలా ఉంది. వెనక పెట్టిన కేసు షీటులో పెద్దక్షరాలు కూడా మసకబారాయి. వేలికి తాకిస్తే సాగలేదు, చుక్క పట్టున తెగి పడింది. లోపలి వాపు ఆ జిగటనిచ్చే పదార్థాన్ని ఛిన్నాభిన్నం చేసేసింది. ల్యాబ్‌కు వెళ్లకముందే మంచం పక్కన తెలిసేది ఇంత.

అయినా కళ్లను నమ్మి మందు రాయకూడదు. గౌట్ ముదిరినా నీరు ఇలాగే తెల్లగా మసకబారుతుంది.

ఆ నీటిని మూడు వాటాలు వేశాం. కొంత ఊదారంగు మూత గొట్టంలోకి వెళ్లింది. అందులో గడ్డకట్టనివ్వని మందు ఉంటుంది, కణాలు లెక్కపెట్టడానికి అది. కొంత శుభ్రమైన ఖాళీ డబ్బాలోకి, స్ఫటికాలు చూడటానికీ, గ్రామ్ స్టెయిన్‌కూ, కల్చర్‌కూ. మిగిలింది నేరుగా బ్లడ్ కల్చర్ సీసాలోకి, మంచం దగ్గరే. ఇలా సీసాలో పోస్తే సూక్ష్మజీవి దొరికే అవకాశం పెరుగుతుంది. ఎక్కువగా జరిగే పొరపాటు ఏమిటంటే, తీసినదంతా ఊదా గొట్టంలోనే పోసి పంపేయడం. కణాల లెక్క వస్తుంది, కల్చర్‌కు ఏమీ మిగలదు. రెండు చేతుల నుంచి రక్తం కూడా కల్చర్‌కు తీశాం. ఇవన్నీ అయ్యాకే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఎక్కించాం. అసలు సూత్రమంతా ఈ వరుసలోనే ఉంది. ముందు నీరు, తర్వాత మందు. ఊళ్లో ముందే పడిన ఆ రెండు మాత్రలు కల్చర్‌ను చెడగొట్టి ఉంటాయేమోనన్న భయం రెండు రోజులు నన్ను వదల్లేదు.

గంటన్నరలో ల్యాబ్ నుంచి ఫోను. ఒక ఘనపు మిల్లీమీటరులో తెల్లకణాలు 68,400. వాటిలో న్యూట్రోఫిళ్లు 93 శాతం. మంచి మోకాల్లో ఈ అంకె 200 లోపు ఉంటుంది. అరుగుదల వాపులో రెండువేల వరకు పోవచ్చు. రుమటాయిడ్, గౌట్ లాంటి వాపుల్లో ఆ పైన యాభైవేల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. యాభైవేలు దాటితే చీము అనే అనుమానం బలపడుతుంది. ఇందాక చెప్పిన జామా సమీక్ష ప్రకారం యాభైవేలు దాటితే కీలులో చీముందనే పందెం దాదాపు ఏడున్నర రెట్లు బలపడుతుంది, లక్ష దాటితే ఇరవై ఎనిమిది రెట్లు. పాతికవేల లోపుంటే తగ్గుతుంది, కానీ సున్నా కాదు. చాలామంది జూనియర్లు యాభైవేలను జిల్లా సరిహద్దు గీతలా చూస్తారు. 42,000 వచ్చిందని ఇంటికి పంపేస్తారు. మొదటి రోజునే వచ్చినవాళ్లలో, స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లలో, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో చీముండీ అంకె తక్కువగా రావచ్చు. ఆ అంకెను మనిషితో కలిపి చదవాలి.

ఫోనులో రెండో మాట: "సార్, సూదుల్లాంటి స్ఫటికాలు కనిపిస్తున్నాయి. గ్రామ్ స్టెయిన్‌లో ఏమీ లేదు."

పక్కనున్న జూనియర్ ఊపిరి పీల్చుకున్నాడు. గౌటే, సూక్ష్మజీవి లేదు, పెద్దాయన్ని ఇంటికి పంపొచ్చు అన్నట్టు చూశాడు. ఈ జబ్బులో మనుషులు కాళ్లు పోగొట్టుకునేది సరిగ్గా ఈ నిమిషంలోనే. గ్రామ్ స్టెయిన్ అంటే నీటి చుక్కకు రంగులద్ది మైక్రోస్కోపు కింద సూక్ష్మజీవుల్ని వెతకడం. దొరికితే బంగారమే, వెంటనే మందు ఎంచుకోవచ్చు. కానీ నిజంగా చీమున్న మోకాళ్లలో కూడా సగమో, అంతకంటే ఎక్కువో కేసుల్లో దొరకదు. కల్చర్ దీనికంటే చాలా నమ్మకమైనది, అయినా అందులోనూ కొన్ని జారిపోతాయి, ముందే మాత్రలు వేసుకున్నవాళ్లలో మరీనూ. ఇక స్ఫటికాలు. గౌట్ ఉన్న కీలులో చీము పట్టకూడదనే నియమం ఎక్కడా లేదు. పైపెచ్చు సూక్ష్మజీవులు లోపల రేపే అల్లరికి, కీలులో పేరుకుని ఉన్న స్ఫటికాలు ఊడి నీటిలోకి రావచ్చు. స్ఫటికం కనిపించిందంటే గౌట్ ఉందని అర్థం. చీము లేదని కాదు.

పెద్దాయన వార్డులోనే ఉన్నాడు. నలభై గంటలకు సీసాలో మొలిచింది: స్టెఫిలోకాకస్ ఆరియస్.

పెద్దల మోకాళ్లలో చీముకు చాలా దేశాల్లో మొదటి దోషి ఇదే. చర్మం మీదా ముక్కులోనూ కాపురముండే జీవి. పగులు నుంచో, పుండు నుంచో, ఇంజెక్షన్ దారినో రక్తంలోకి దిగి కీలుకు చేరుతుంది. కీలు లోపలి పొరకు రక్తనాళాలు దండిగా ఉంటాయి, రక్తానికీ కీలుకూ మధ్య గట్టి గోడ ఉండదు. అందుకే రక్తంలో తిరిగే సూక్ష్మజీవికి అక్కడ దిగడం తేలిక. పైగా ఈ జీవి చాలా రకాల్లో కొలాజెన్‌కు అతుక్కునే కొక్కేల్లాంటివి ఉంటాయి. మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు, కాబట్టి అక్కడికి మన సైన్యం నేరుగా చేరలేదు. సైన్యమంతా కీలు నీటిలో దిగి, శత్రువు మీద చల్లిన ఎంజైములతోనే మృదులాస్థిని కూడా కరిగిస్తుంది. కుందేళ్ల మోకాళ్ల మీద చేసిన ప్రయోగాల్లో మృదులాస్థి సారం రోజుల్లోనే కారిపోవడం చూశారు. సూక్ష్మజీవి చచ్చాక కూడా ఆ ఎంజైములు, చచ్చిన కణాల చెత్త లోపలే ఉంటే నష్టం ఆగదు. మందు ఒక్కటే ఎందుకు చాలదో ఇక్కడే తెలుస్తుంది. మందు సూక్ష్మజీవిని చంపుతుంది, చెత్తను ఎత్తిపోయదు.

స్టెఫ్ తర్వాతి స్థానం స్ట్రెప్టోకాకస్‌లది. మూత్రంలో ఇన్ఫెక్షనున్న ముసలివాళ్లలో ఇ.కొలై లాంటివి వస్తాయి. పడుచు వయసువాళ్లలో ఒక కీలు నుంచి ఇంకో కీలుకు నొప్పి మారుతూ, ఒంటి మీద అక్కడక్కడ చీముపొక్కులు కనబడితే గనేరియా గురించి అడగాలి. అడగటానికి డాక్టరూ, చెప్పటానికి మనిషీ ఇద్దరూ సిగ్గుపడతారు గనక అది తప్పిపోతుంటుంది. నెలల తరబడి మెల్లగా వాచి, కండ కరిగి, పెద్దగా సెగలేని మోకాలైతే క్షయ గుర్తుకు రావాలి.

మన దగ్గర ఇంకొకటి ఉంది, అది పాఠ్యపుస్తకాల జాబితాలో చివరన ఉంటుంది గానీ వరిపొలాల దగ్గర పనిచేసే డాక్టరు ముందుంచుకోవాలి. బర్కోల్డేరియా సూడోమల్లై. తడి మట్టిలో, పొలం నీటిలో ఉంటుంది. సుగరున్న రైతుకూలీకి వానాకాలంలో ఇది పట్టి మెలియాయిడోసిస్ అనే జబ్బు తెస్తుంది. ఊపిరితిత్తులకూ కాలేయానికీ వచ్చినట్టే కీళ్లకూ వస్తుంది. ల్యాబ్‌లో దీన్ని సూడోమోనాస్ అని పొరపాటు పడి రాసేస్తుంటారు. మామూలు మందులకు లొంగదు. సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ ఇంజెక్షన్లు వారాల తరబడి, ఆపైన మాత్రలు నెలల తరబడి వాడాలి. పొలంలో దిగే సుగరు మనిషి మోకాల్లో సూడోమోనాస్ అని రిపోర్టు వస్తే ల్యాబ్‌కు ఫోను చేసి "ఇంకోసారి చూడండి" అనడం తప్పుకాదు.

మన డ్రైవరు గారి జీవి మామూలు మందులకు లొంగే రకమే. మొదట గుడ్డిగా ఎక్కించిన వాంకోమైసిన్ ఆపి, సెఫజోలిన్ ఎనిమిది గంటలకొకసారి రెండు గ్రాముల చొప్పున మొదలుపెట్టాం. రక్తంలో ఏమీ మొలవలేదు. మొలిచి ఉంటే గుండె కవాటాలను ఎకోతో వెతకాల్సి వచ్చేది. రక్తంలో తిరిగిన స్టెఫ్ కవాటాల మీద కూర్చునే అలవాటున్నది.

ఇప్పుడు అసలు చిక్కు. మోకాలిని ఖాళీ చేయాలి. ఎలా?

దారులు మూడు. కోసి తెరిచి కడగడం పాతది, ఇప్పటికీ కొన్నిచోట్ల తప్పనిది. రెండోది ఆర్థ్రోస్కోపు. చిప్ప కింద అటూ ఇటూ రెండు చిన్న రంధ్రాలు పెట్టి, ఒకదాన్నుంచి కెమెరా, రెండోదాన్నుంచి పనిముట్టు పంపి, లీటర్లకొద్దీ సెలైన్‌తో కడగడం. మూడోది రోజూ సూదితో లాగడం. చాలామందికి ఈ మూడోది పూర్వకాలపు బీద వైద్యంలా కనిపిస్తుంది. కానీ రుమటాలజిస్టులు దాన్ని ఇప్పటికీ వదల్లేదు, వదలకపోవడానికి కారణం కూడా ఉంది.

1975లో డాన్ గోల్డెన్‌బర్గ్ బృందం ఈ రెండు పద్ధతులనూ, అంటే సూదినీ శస్త్రచికిత్సనూ, పాత కేసు షీట్ల నుంచి పోల్చి చూసింది. సూదితో మొదలుపెట్టినవాళ్ల కీళ్లు ఎక్కువ బాగున్నాయని తేలింది. సర్జన్లు దీన్ని ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడంలో న్యాయముంది. ఎవరికి సూది, ఎవరికి కత్తి అన్నది చీటీ వేసి తేల్చలేదు. కీలు మరీ చెడ్డవాళ్లు సర్జను దగ్గరకు చేరి ఉండొచ్చు, ఒళ్లు మరీ చెడ్డవాళ్లు సూదితోనే ఉండిపోయి ఉండొచ్చు. ఆ తర్వాత వచ్చిన పోలికల్లోనూ ఎక్కువభాగం ఇదే లోపం. పెద్దల మోకాళ్లకు సూదినీ ఆర్థ్రోస్కోపునూ చీటీ వేసి పోల్చిన పెద్ద పరీక్షల బలం మన చేతిలో లేదు. ఆర్థ్రోస్కోపుకూ కోసి తెరవడానికీ మధ్య పోలికలు మాత్రం కాస్త తేటగా ఉన్నాయి. స్కోపుతో కడిగినవాళ్లు త్వరగా కాలు కదుపుతున్నారు, ఫలితం తీసిపోవడం లేదు. కాబట్టి మోకాలిని కోసి తెరవడం మొదటి ఎంపికగా ఇప్పుడు తగ్గిపోయింది.

సూదికి పనికొచ్చే మోకాలు ఎలాంటిదో ఒక ఉదాహరణ చెబుతాను. ఎనభై ఏళ్ల అవ్వ, గుండె బలహీనం, పడుకుంటే ఆయాసం. రెండో రోజుకే తీసుకొచ్చారు, మోకాల్లో పలచటి చీము, స్ట్రెప్టోకాకస్. మత్తిచ్చే డాక్టరు తల అడ్డంగా ఊపాడు. రోజూ పొద్దున ఎనిమిదింటికి సూది పెట్టి ఖాళీ చేశాం. కణాలు 74,000 నుంచి 31,000కు, తర్వాత 9,000కు, నాలుగో రోజు 2,800కు దిగాయి. నీరు కూడా రోజురోజుకూ సగమైంది. అయిదో రోజు తీయడానికి ఏమీ లేదు. ఆ అవ్వకు థియేటర్ అక్కర్లేకపోయింది.

డ్రైవరు గారికీ సూదితోనే మొదలుపెట్టాం. స్టెంటు వేసి రెండు నెలలే అయింది, రక్తం పలచబరిచే మాత్రలు రెండు నడుస్తున్నాయి. వాటిని ఆపితే స్టెంటు మూసుకుపోయే ప్రమాదం, ఆపకుండా వెన్నులో మత్తు సూది గుచ్చడం ఇంకో ప్రమాదం. మోకాల్లో సూదికి ఆ మాత్రలు అడ్డం కాదు. మర్నాడు 40 మిల్లీలీటర్లు వచ్చింది, కణాలు 61,000. రక్తంలో వాపు కొలిచే సీఆర్‌పీ 212 నుంచి 198కి మాత్రమే తగ్గింది. మూడో రోజు పొద్దున సూది పెడితే ఎనిమిది మిల్లీలీటర్లే వచ్చి ఆగిపోయింది.

"నీరు తగ్గింది సార్" అన్నాడు కొడుకు సంతోషంగా.

తగ్గలేదు. టేపుతో మోకాలి చుట్టుకొలత నిన్నటిలాగే ఉంది. చిప్పను నొక్కితే ఇంకా నీటిమీద తేలుతోంది. లోపల ఉంది, రావడం లేదు. అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తే చిప్ప పైసంచిలో తేనెపట్టు గదుల్లా తెరలు కట్టి ఉన్నాయి. సూది ఒక గదిని ఖాళీ చేస్తుంది, పక్క గదికి పోదు. చిక్కటి చీము గడ్డలైతే సూదిలో పట్టనే పట్టవు. సూది పద్ధతిలో జరిగే పెద్ద తప్పు సూది పెట్టడం కాదు, ఫలించడం లేదని తెలిశాక కూడా ఇంకో రోజు చూద్దామనుకోవడం. నేను పాటించే లెక్క ఇది. రోజూ తీసిన నీరెంత, కణాలెన్ని, చుట్టుకొలత ఎంత, కాలు ఎంత వంగింది, ఇవన్నీ ఒకే కాగితం మీద రాసిపెట్టాలి. రెండు మూడు రోజుల్లో ఆ అంకెలు స్పష్టంగా దిగకపోతే, లేదా వాపుండీ నీరు రాకపోతే, అదే రోజు స్కోపు. పాత పుస్తకాల్లో వారం దాకా ఆగమని ఉండేది. వారం ఆగేంత ఓపిక నాకు లేదు, మృదులాస్థికి అంతకన్నా లేదు.

మత్తు డాక్టరూ గుండె డాక్టరూ మాట్లాడుకున్నారు. మాత్రలు ఆపకుండా, వెన్నుకు బదులు పూర్తి మత్తిచ్చి, ఆ మధ్యాహ్నమే థియేటర్‌కు తీసుకెళ్లాం.

కెమెరా లోపలికి పోగానే తెర మీద ఏమీ కనపడలేదు, అంతా పాలపొగ. మొదటి లీటరు పోయాక పొగ విడింది. కొబ్బరికోరులాంటి తెల్లటి ఫైబ్రిన్ ముక్కలు తేలుతున్నాయి. లోపలి పొర వాచిన చిగుళ్లలా ఎర్రగా, అక్కడక్కడ నెత్తుటి చుక్కలతో ఉంది. పైసంచిలో అల్ట్రాసౌండ్ చూపించిన తెరలు సాలెగూళ్లలా వేలాడుతున్నాయి. మృదులాస్థి మాత్రం ఇంకా తెల్లగా, నునుపుగా ఉంది. స్విట్జర్లాండ్‌కు చెందిన గ్యాష్టర్ 1985లో ఈ దృశ్యాలను నాలుగు దశలుగా విడదీశాడు. మొదటిది మసక నీరు, ఎర్రటి పొర. రెండోది చీము, ఫైబ్రిన్. మూడోది పొర దళసరెక్కి గదులు కట్టడం. నాలుగోది మృదులాస్థి కిందికి చొచ్చుకుపోయి ఎముక చెడటం. ఈయనది రెండు దాటి మూడులో అడుగుపెడుతోంది. దశ పెరిగేకొద్దీ ఒకసారి కడిగితే చాలకపోవడం ఎక్కువ. అందుకే ఇంటివాళ్లకు ముందే చెప్పాలి, మళ్లీ కడగాల్సి రావచ్చని. రెండోసారి థియేటర్‌కు పోతే ఆపరేషన్ ఫెయిలయిందని గొడవపడే కుటుంబాలు ఉన్నాయి. ముందే చెప్పకపోవడం మా తప్పు.

తెరలు తెంచాం. వాచిన పొరను షేవరుతో కొంత గీకాం. చిప్ప పైసంచి, రెండు పక్కల గాళ్లు, మోకాలి వెనక మూల, ఏదీ వదలకుండా మూడు లీటర్ల సెలైన్ సంచులు మూడు పోనిచ్చాం. వెనక మూలను చాలామంది బద్ధకించి వదిలేస్తారు, తిరిగి చీము పట్టేది తరచు అక్కడి నుంచే. సెలైన్‌లో యాంటీబయాటిక్ కలపలేదు. రక్తం ద్వారా వెళ్లే మందే కీలులోకి బాగా చేరుతుంది. చివరికి వచ్చే నీరు తేటగా ఉందని చూసుకుని, ఒక గొట్టం పెట్టి వచ్చాం.

ఆ రాత్రే ఆయన నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నిద్రపోయాడని మర్నాడు నర్సు చెప్పింది. రెండో రోజు గొట్టం తీశాం. అదే రోజు నుంచి ఫిజియోథెరపీ మొదలైంది. చీము పట్టిన మోకాలిని వారాల తరబడి కట్టు కట్టి కదలకుండా ఉంచే కాలం పోయింది. లోపల తెరలు అతుక్కుని బిగుసుకుపోతుంది. నొప్పి తగ్గిన రోజు నుంచే వంచడం మొదలుపెట్టాలి. నాలుగు రోజులకు సీఆర్‌పీ 74, రెండు వారాలకు 18. రెండు వారాలు ఇంజెక్షన్లు, ఆపైన నాలుగు వారాలు మాత్రలు వాడాడు. ఇంకోసారి కడగాల్సిన అవసరం రాలేదు. మడమ పగులుకు విడిగా వైద్యం చేయించాం, దాన్ని వదిలేస్తే కథ మళ్లీ మొదలయ్యేది.

నన్నడిగితే ఏది మేలు? ఒంట్లో బలం ఉన్న పెద్దమనిషికి, థియేటర్ అందుబాటులో ఉన్నచోట, ఆలస్యంగా వచ్చిన లేదా చిక్కటి చీమున్న మోకాలికి మొదటే స్కోపు పెట్టేస్తాను. మొదటి రెండు రోజుల్లో వచ్చిన, పలచటి చీమున్న, మత్తు తట్టుకోలేని మనిషికి సూది చాలు, ఆ కాగితం మీది అంకెలు దిగుతున్నంత కాలం. చిన్న ఊళ్లో స్కోపు లేదని మనిషిని సూది కూడా పెట్టకుండా మూడువందల కిలోమీటర్లు పంపడం మాత్రం అన్నిటికన్నా చెడ్డ పని. సూది పెట్టి, నీరు తీసి, సీసాలు నింపి, మొదటి ఇంజెక్షన్ ఇచ్చి పంపితే దారిలో కూడా వైద్యం నడుస్తుంది.

ఆర్నెల్ల తర్వాత ఆయన వచ్చాడు. కర్ర లేదు. మోకాలు 115 డిగ్రీలు వంగుతోంది. మెట్లెక్కుతున్నాడు, మనవణ్ణి స్కూటరు మీద బడికి దింపుతున్నాడు. నేలమీద బాసింపట్టు వేసుకుని భోజనానికి మాత్రం కూర్చోలేకపోతున్నాడు. మొదటి రోజే వచ్చి ఉంటే ఆ నాలుగు రోజుల చీము లోపల ఉండేది కాదు. ఒక్క మోకాలు హఠాత్తుగా వాచి, వేడెక్కి, కదలనివ్వకపోతే, జ్వరం ఉన్నా లేకపోయినా, గౌట్ పాతదైనా కొత్తదైనా, ఏ మాత్రా వేసుకోకముందు ఆ రోజే వెళ్లి నీరు తీయించుకోండి.